ఏట్లో కలిపిన పటాలకు ఇన్సూరెన్సు

మా ఇంట్లో నాకు అనుమానపు మనిషినని పేరు. ఆ పేరు పెట్టింది మా ఆయన. పాలవాడు పాలు పోస్తుంటే నేను గిన్నె వైపు కాకుండా వాడి చేతి వైపు చూస్తానని, కూరగాయలామె తక్కెడ ఎత్తితే నేను ముందు ముల్లు చూస్తానని నలుగురిలో చెప్పి నవ్వేవాడు. నవ్వితే నవ్వాడు. ఇల్లు నడిపేవాళ్ళలో ఒకరికైనా అనుమానం ఉండాలి అనేది నా వాదం. ఆయనకు ఎదుటి మనిషి ఏం చెప్తే అదే నిజం. అలాంటి మనిషికి నన్ను కట్టబెట్టారు, బహుశా అందుకే.

తిరుపతిలో బస్టాండు నుంచి గుడి వైపు పోయే దారిలో మాకు పటాల అంగడి ఉండేది. దేవుడి బొమ్మల కాగితాలు శివకాశి నుంచి వచ్చేవి, అద్దం మద్రాసు నుంచి చెక్కపెట్టెల్లో గడ్డి మధ్య వచ్చేది. కొలత చూసి అద్దం కోసి, చుట్టూ చెక్క చట్రం బిగించి, వెనక అట్ట పెట్టి మేకులు కొడితే పటం. కొండ దిగిన యాత్రికులు బస్సెక్కే ముందు ఒక స్వామి పటం చంకన పెట్టుకుని పోయేవాళ్ళు. ఎండాకాలం సెలవుల్లో అమ్మితే ఏడాదంతా తిన్నట్టు. అందుకని వానాకాలమంతా పటాలు కట్టి కట్టి వెనక సందులో అద్దెకు తీసుకున్న గోడౌనులో పేర్చేవాళ్ళం. ఆ సరుకు మీద బ్యాంకు అప్పు ఉండేది. అప్పిచ్చిన బ్యాంకే ఇన్సూరెన్సు చేయించింది. అగ్నిప్రమాదంతో పాటు వరద కూడా కలపమని, దానికి కొంచెం ఎక్కువ కట్టమని మేనేజరు పట్టుబడితే మా ఆయన గొణిగాడు. "ఈ తిరుపతిలో వరద యాడినుంచి వస్తాది?"

ఆ ఏడు కార్తీకంలో వచ్చింది. డెబ్బైల చివర మాట ఇది. మూడు రోజులు ముసురు పట్టి, కొండ మీద నుంచి దిగిన నీళ్ళు వీధుల్లో పడి, పల్లంగా ఉన్న మా సందును నింపేశాయి. అంగడికి ఏమీ కాలేదు. గోడౌను తలుపు తీసేసరికి నడుము లోతు నీళ్ళు. అటక మీద ఉన్న కొత్త అద్దం పెట్టెలు తప్ప, కట్టి ఉంచిన పటాలన్నీ నీళ్ళలోనే. కాగితాలు ఉబ్బి అద్దాలకు అతుక్కుపోయాయి. స్వామి నామం కరిగి బుగ్గల మీదికి కారింది. మా అత్త తలుపు దగ్గరే నిలబడి లోపలికి చూసి, చెంగుతో నోరు మూసుకుని వెనక్కి తిరిగిపోయింది. ఏడవలేదు. ఆమె ఏడవకపోతేనే నాకు భయం.

కంపెనీకి టెలిగ్రాం ఇచ్చాం. సర్వేయరు వచ్చాడు. వేలూరు వైపు తమిళాయన, తెల్ల చొక్కా, చేతిలో గొడుగు. రెండు రోజులు గోడౌనులో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఒక్కొక్క వరసా లెక్కపెట్టి రాసుకున్నాడు. బ్యాంకుకు మేము నెలనెలా ఇచ్చే సరుకు జాబితా అడిగి తీసుకున్నాడు. ఫోటోలు తీయించాడు. నేను కాఫీ తీసుకుపోతే, "నేను కంపెనీ మనిషిని కాదమ్మా, మీ మనిషినీ కాదు. చూసింది చూసినట్టు రాసేవాణ్ణి" అన్నాడు. తన గురించి తనే ఇలా చెప్పుకునేవాళ్ళంటే నాకు అప్పటికే పడదు. పోయేటప్పుడు మా ఆయనకు ఒక మాట చెప్పి పోయాడు. తడిసిన సరుకులో కొంచెమైనా పనికొచ్చేది ఉంటుంది, దాని విలువ కట్టి మీకొచ్చే డబ్బులో తగ్గిస్తారు, లేదంటే కంపెనీవాళ్ళే తీసుకుపోతారు, కాబట్టి కంపెనీ చెప్పేదాకా దేన్నీ కదిలించొద్దు, పారేయొద్దు, అమ్మొద్దు.

ఇక్కడే చిక్కు పడింది. పాడైన దేవుడి పటాన్ని మా వైపు ఎవరూ ఇంట్లో ఉంచరు. అద్దం చిట్లినా, చెదలు పట్టినా దండం పెట్టుకుని పారే నీళ్ళలో కలిపేస్తారు. ఒక్క పటానికే అలాంటి పట్టింపు ఉన్న ఇంట్లో గోడౌను నిండా మొహాలు చెదిరిన దేవుళ్ళు పడి ఉన్నారు. వాసన మొదలైంది. పక్క ఇళ్ళవాళ్ళు తలుపులు వేసుకునేవాళ్ళు. అత్త పొద్దున్నే ఆ సందులోంచి పోవడం మానేసి చుట్టు తిరిగి పోయేది.

"ఎన్నాళ్ళు పెడతారబ్బా వాళ్ళను ఆ మురుగులో?" అని కొడుకును అడిగేది.

"కంపెనీవాళ్ళు చెప్పాల గదమ్మా."

"కంపెనీవాళ్ళ ఇంట్లో పెట్టుకోమను."

మార్గశిరం కూడా వచ్చేసింది. కంపెనీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఆ నెలలో మా అమ్మకు ఒంట్లో బాగలేదని నేను చిత్తూరు పుట్టింటికి పోయాను. మా ఆయన అప్పు మీద కొంచెం కాగితం సరుకు దొరుకుతుందేమోనని మద్రాసు పోయాడు. నేను తిరిగొచ్చేసరికి గోడౌను ఖాళీ. నేల కడిగి, గడప ముందు ముగ్గు వేసి ఉంది. అత్త బండి మాట్లాడుకుని, ఇద్దరు కూలి మనుషులను పెట్టుకుని అంతా శుభ్రం చేయించింది.

"ఏం చేసినావు అత్తా?"

"ఏట్లో కలిపేసినాను" అంది. స్వర్ణముఖిలో అప్పుడు నీళ్ళు పారుతున్నాయి.

మా ఆయన ఊరు నుంచి వచ్చి విని తల పట్టుకు కూర్చున్నాడు. తర్వాత, "పోనీలే, సర్వేయరు అంతా చూసి రాసుకుని పోయినాడు గదా" అని తనను తాను సముదాయించుకున్నాడు. చెప్పాను కదా, ఆయన అలాంటి మనిషి.

ఆ తర్వాత వచ్చింది కంపెనీ ఉత్తరం. తడిసిన సరుకును మళ్ళీ చూడాలట, సిద్ధంగా ఉంచమని. మా ఆయన దాపరికం లేకుండా ఉన్నదున్నట్టు జవాబు రాయమన్నాడు. నేను రాశాను. పాడైన దేవుడి పటాలను ఆచారం ప్రకారం ఏట్లో కలిపేశామని, గోడౌనులో ఇప్పుడు ఏమీ లేదని. ఇంగ్లీషు చదువుకున్నది నేనొక్కదాన్నే కాబట్టి ఇంటి ఉత్తరాలన్నీ నావే. చిత్తూరులో ఉండగా టైపు నేర్చుకున్నాను. తెలుగులో చిత్తు రాసుకుని, వీధి చివర టైపు ఇన్‌స్టిట్యూటులో కూర్చుని ఇంగ్లీషులో కొట్టుకొచ్చేదాన్ని.

ఆ జవాబు తర్వాత కంపెనీ ఉత్తరాలు పొట్టివైపోయాయి. 'పరిశీలనలో ఉన్నది.' 'సర్వే రిపోర్టు రావలసి ఉన్నది.' ఒకసారి అన్నీ ఇచ్చిన బిల్లులే మళ్ళీ కావాలన్నారు, పంపాం. ఇంకోసారి తహసీల్దారు దగ్గర వాన పడినట్టు పత్రం తెమ్మన్నారు, తెచ్చాం. తర్వాత ఏమీ అడగలేదు. అడిగితేనే నయమని అప్పుడు తెలిసింది.

కంపెనీ ఆఫీసు చిత్తూరులో. పుట్టింటికి పోయినప్పుడల్లా నేను, లేనప్పుడు మా ఆయన, చెప్పులరిగేలా తిరిగాం. అక్కడ క్లెయిములు చూసే ఆఫీసరు మంచి మాటకారి. పోగానే కుర్చీ చూపించేవాడు. తిరుపతి నుంచి వచ్చేవాళ్ళు ఆఫీసులకు వట్టి చేతులతో పోరు, లడ్డు తీసుకుపోతారు. ఆయన రెండు చేతులూ చాచి తీసుకుని, కళ్ళకద్దుకుని, కొంచెం విరిచి నోట్లో వేసుకుని, మిగిలింది కాగితంలో చుట్టి సొరుగులో పెట్టేవాడు. ఫైలు మాత్రం కదిలేది కాదు.

"పై ఆఫీసుకు పోవాలమ్మా."

"పోయిందా సార్?"

"పోవాలి."

నేను ఆయన మాటలు కాదు, చేతులు చూసేదాన్ని. మేము పోగానే మా ఫైలు మీద ఇంకో ఫైలు పెట్టేవాడు. ఎందుకు పెట్టాలి? మా అంగడికి ఎదురుగా ఇంకో పటాల అంగడి ఉండేది. దాని యజమాని ఆ మధ్య మా ఆయనతో, "కష్టంగా ఉంటే అంగడి నాకియ్యప్పా, నువ్వు నా దగ్గరే ఉండి అద్దం కోద్దువు" అన్నాడు. ఆయనకూ ఈ ఆఫీసరుకూ ఏమైనా ఉందా అని నా మనసు అటు పోయింది. సర్వేయరు రిపోర్టు ఇవ్వకుండా ఎందుకు నానబెడుతున్నాడు? ఎవరైనా చెయ్యి తడిపారా, మమ్మల్ని తడపమంటున్నారా? రాత్రి అన్నాల దగ్గర ఇవన్నీ మా ఆయన ముందు పెట్టేదాన్ని.

బ్యాంకు మేనేజరు మాత్రం నేరుగానే చెప్పాడు. ఎండాకాలం సీజనుకు సరుకు కొనడానికి ఇంకో రూపాయి ఇవ్వలేనని, పాత అప్పు ఇలాగే ఉంటే అంగడికి తాళం వేయాల్సి వస్తుందని. క్లెయిము డబ్బు ఎలాగూ నేరుగా బ్యాంకుకే వస్తుంది, పాలసీ మీద బ్యాంకు పేరు ఉంది. అది వస్తే పాత అప్పు తీరి మళ్ళీ సరుకు కొనుక్కోవచ్చు. రాకపోతే ఎదురంగడిలో మా ఆయన అద్దం కోయాలి. ఒకరోజు విసుగెత్తి, "ఆ పని చేసేదానికంటే చిత్తూరు పోదాం పద, మా నాయన ఎక్కడో ఒక చోట ఉద్యోగం చూస్తాడు" అని అరిచాను. వంటింట్లో అత్త గిన్నెలు సర్దుతోంది. ఆ చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది.

మాఘం వెళ్ళింది. ఏరు ఎండిపోయింది. ఒకరోజు బస్సులో వంతెన మీద పోతూ ఇసక మేటలు చూశాను, అక్కడక్కడా గుంటల్లో తప్ప నీళ్ళు లేవు. అప్పుడు తట్టింది. సరుకు చూపించమనే కదా అడిగారు? అది ఎక్కడికీ పోలేదు, ఇసకలోనే ఉంటుంది. చూసుకోమందాం. ఇంటికి రాగానే చిత్తు రాయడం మొదలుపెట్టాను. మొదటి చిత్తులో కోపమంతా కక్కాను. మా ఆయన చదివి, "ఇది పంపితే జైల్లో వేస్తారు" అన్నాడు. చించేశాను. మళ్ళీ రాశాను. మర్యాద తప్పకూడదు, కానీ తప్పించుకునే సందు ఇవ్వకూడదు. చివరికి నిలిచింది ఇది:

'అయ్యా, కార్తీక మాసపు వరదలో మా గోడౌనులోని సరుకు పాడైన సంగతి మీకు ఆ రోజే టెలిగ్రాం ద్వారా తెలిపాము. మీ సర్వేయరు వచ్చి చూసి వెళ్ళారు. క్లెయిము ఫారము, కొనుగోలు బిల్లులు, బ్యాంకుకు ఇచ్చిన సరుకు జాబితా, తహసీల్దారు పత్రము మీకు అందినట్లు మీ సంతకాలు మా వద్ద ఉన్నవి. బిల్లులు మీరు కోరినందున రెండవసారి కూడా ఇచ్చాము. ఇంతవరకు మా క్లెయిము ఒప్పుకున్నారో లేదో మీరు రాయలేదు. దయచేసి మూడు సంగతులు రాతపూర్వకంగా తెలుపగలరు. సర్వే రిపోర్టు మీకు చేరినదా? చేరకపోతే కారణమేమి? మా నుండి ఇంకా ఏ కాగితము రావలసి ఉన్నది?

పాడైన పటాలను మా ఆచారము ప్రకారము స్వర్ణముఖిలో కలిపిన సంగతి లోగడ తెలిపాము. ఇప్పుడు ఏరు ఎండినది. మీరు ఒక రోజు నిర్ణయిస్తే ఆ చోటు చూపించి, మా ఖర్చుతో తవ్వించగలము. మాకు దాచవలసినది ఏమీ లేదు. రెండు వారాలలో మీ జవాబు రాకపోతే మీ పై ఆఫీసుకు ఈ ఉత్తరాల నకళ్ళన్నీ పంపవలసి వస్తుందని సవినయంగా మనవి. నకలు: బ్యాంకు మేనేజరుగారికి.'

'దాచవలసినది ఏమీ లేదు' అన్న వాక్యం టైపు కొట్టేటప్పుడు నాకు ఎంత గర్వమనిపించిందో. రిజిస్టరు పోస్టులో, అందినట్టు రసీదు తిరిగొచ్చేలా పంపాను. మా ఆయన సంతకం కింద అంగడి సీలు నేనే వేశాను, కొంచెం గట్టిగానే.

జవాబు గడువు లోపలే వచ్చింది. ఈసారి పొట్టిది కాదు. ఫలానా రోజు పొద్దున ఆఫీసరు, సర్వేయరు ఇద్దరూ వస్తారు, ఏటి దగ్గర సరుకు చూపించండి అని.

అత్తకు చెప్తే ఆమె మొహం మాడిపోయింది. "నీళ్ళలో కలిపిన దేవుణ్ణి తవ్వి తీస్తారా? ఎవురు చెప్పినారు మీకు?" అని కొడుకు మీద లేచింది.

"నీ కోడలు రాసిందమ్మా" అని ఆయన నన్ను ముందుకు తోశాడు.

అత్త నా వైపు చూసింది. తిట్టలేదు. తవ్వే రోజు పొద్దున మాకంటే ముందే చీర మార్చుకుని వాకిట్లో నిలబడింది, తనూ వస్తానని. చోటు తెలిసింది ఆమెకే.

ఇద్దరు కూలీలు పారలతో వచ్చారు. సర్వేయరు గొడుగు ఇసకలో గుచ్చి దాని నీడలో నోటుబుక్కు తెరిచాడు. ఆఫీసరు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాడు. అత్త గట్టు మీద నుంచే చెయ్యి చూపించి, అక్కడే కూర్చుని కళ్ళు మూసుకుంది. మోకాటి లోతు తవ్వాక కాగితం ముద్దలు బయటపడ్డాయి. ఎండి గట్టిపడి, పసుపూ ఎరుపూ రంగులు కలిసిపోయి ఉన్నాయి. ఒక ముద్ద మీద లక్ష్మీదేవి చెయ్యి, అందులో తామరపువ్వు చెక్కుచెదరకుండా ఉంది. తప్పు చేస్తున్నామనిపించింది, అయినా చూస్తూ నిలబడ్డాను.

సర్వేయరు వంగి వేలితో ఇసక కెలికాడు. ఇంకో చోట తవ్వించాడు. మరో చోట. అన్ని చోట్లా కాగితం, అట్ట.

"అమ్మా, అద్దం ఏది?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"కాగితం ఉన్న చోట గాజు ఉండాల గదా. కాగితమన్నా కొట్టుకుపోతుంది, గాజు పోదు. నేను కార్తీకంలో లెక్కపెట్టిన పటాలకు ఒక్క పెంకు లేదు, ఒక్క చట్రం ముక్క లేదు."

ఆఫీసరు నా పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు. "ఇందుకేనమ్మా నేను ఇన్నాళ్ళూ ఏమీ రాయలేదు. అంతా ఏట్లో వేసినామని మీరు రాసినారు. అద్దాన్ని ఏట్లో వేసే పటాలాయన ఉంటాడా అని పై ఆఫీసు అడుగుతుంది. నేను రాస్తే, ఇవ్వలేమనే రాయాల్సొస్తుంది. మీరే వచ్చి చెప్తారేమోనని చూసినాను."

అది దయో, పని తప్పించుకోవడమో నాకు ఇప్పటికీ తేలలేదు. ఆ క్షణంలో మాత్రం నేను ఆయన గురించి ఆలోచించలేదు. మా ఆయన వైపు తిరిగాను. ఆయన అప్పటికే నా వైపు చూస్తున్నాడు. అద్దాలు తీసి మద్రాసులో అమ్మేశాడా అని నేను, పుట్టింటికి పోతూ బండివాడితో నేనేమైనా మాట్లాడానా అని ఆయన. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నన్ను అనుమానంగా చూడటం అదే మొదలు. ఆ చూపు ఎలా ఉంటుందో అవతలి వైపు నిలబడితే గానీ తెలియదు. ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది.

"బండివాడు ఎత్తుకుపోయుంటాడు" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

గట్టు మీద నుంచి అత్త గొంతు వినిపించింది. "వాణ్ణి ఏమిటికి అంటావు? ఆ అబ్బ ఒక్క పుల్ల ముట్టలేదు."

అందరం అటు తిరిగాం. ఆమె లేచి చీర దులుపుకుంటోంది.

"దేవుడుండేది కాగితంలో. అద్దంలో ఏముండాది? దేవుణ్ణి ఏట్లో కలిపినాను. అద్దం ఇంట్లో ఉండాది."

"ఇంట్లో యాడమ్మా?" మా ఆయన గొంతు కీచుమంది.

"గొడ్ల కొట్టంలో."

ఆ కొట్టంలో గొడ్లు లేక చాలా ఏళ్ళయింది. కట్టెలు, కాయలు దూసిన ఎండు వేరుశనగ కట్టె, పాత సామాను పడేసేవాళ్ళం. రోజూ పొద్దున నీళ్ళు కాచడానికి నేను కట్టెలు తెచ్చుకునేది అక్కడి నుంచే. అత్త మమ్మల్నందరినీ లోపలికి తీసుకుపోయి, ఒక మూల వేరుశనగ కట్టె లాగేయమంది. కింద పాత చెక్కపెట్టెలు, వాటిలో గడ్డి, గడ్డి మధ్య కడిగి తుడిచిన అద్దాలు, కొలతల వారీగా. మార్గశిరంలో మేమిద్దరం ఊళ్ళో లేని ఆ మూడు నాలుగు రోజుల్లో ఆమె కూలి మనుషులతో ఒక్కొక్క పటం విప్పించి, కాగితం విడిగా తీయించి, అద్దానికి మిగిలిన అంటును గోరువెచ్చటి నీళ్ళతో కడిగించింది. పక్కనే సరిగ్గా ఉన్న చట్రం కర్రలు కట్టలు కట్టి ఉన్నాయి.

"వంకర పోయినవి?" సర్వేయరు అడిగాడు.

"ఇదో, ఈ అమ్మాయి రోజూ నీళ్ళు కాగబెడతాది గదా."

సర్వేయరు నా వైపు చూసి తల వంచుకుని రాసుకున్నాడు. నవ్వుతున్నాడని భుజాలను బట్టి తెలిసింది. మూడు నెలలుగా నేను కంపెనీవాళ్ళకు చూపించాల్సిన సరుకుతో స్నానం చేశాను.

ఆయన ఒక అద్దం తీసి వెలుతురుకు పట్టుకుని, బొటనవేలితో అంచు తడిమి పక్కన పెట్టాడు. ఇంకొకటి తీశాడు. ఆ పూటంతా లెక్క నడిచింది. చివర విలువ కట్టి చెప్పాడు. ఇది మీరే ఉంచుకోవచ్చు, ఈ విలువ క్లెయిములో తగ్గిస్తాం, లేదా కంపెనీ తీసుకుపోతుంది అని. మా ఆయన సరేననబోయాడు. అత్త ఆపింది.

"ఎంత?"

ఆయన మళ్ళీ చెప్పాడు.

"ఇవి నీళ్ళు తాగిన అద్దాలు నాయనా. సూడు, మూలల్లో తెల్లగా పొర ఉండాది. దీన్ని కొత్త అద్దం ధరకు ఎవురు కొంటారు?" ఒక అద్దం ఎత్తి ఆయన కళ్ళ ముందు పెట్టింది. ఆయన చూశాడు. కొంచెం తగ్గించాడు. ఆమె ఇంకోటి ఎత్తింది. ఆమె నోటి నుంచి అన్ని మాటలు నేను అంతకు ముందు వినలేదు. ఆఫీసరు కొట్టం గోడకు ఆనుకుని, చేతిలో చెప్పులు కింద పెట్టడం మరిచిపోయి చూస్తున్నాడు.

అంతా తేలాక ఆఫీసరు, "దొరికిన సరుకు వివరం, ఆ విలువకు మీరు ఒప్పుకున్నట్టు, ముందు రాసిన దాంట్లో ఈ సంగతి ఎందుకు లేదో ఒక ఉత్తరం రాసి పంపండమ్మా. సర్వేయరు రిపోర్టు, అదీ రెండూ కలిపి నేను పైకి పంపుతా" అన్నాడు. పంపాడు కూడా. తగ్గించాల్సింది తగ్గించి డబ్బు సీజను ముందే బ్యాంకుకు వచ్చింది, అంగడి మాకు దక్కింది. ఇక్కడే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నాకు గుర్తుండిపోయింది అది కాదు.

వాళ్ళు వెళ్ళాక మా ఆయన తల్లిని ఒక్క మాట కూడా అనలేదు. ఆయన కోపం నా మీదికే వచ్చింది, ఇంట్లో ఉన్నది తెలియకుండా ఊరంతా ఉత్తరాలు రాశానని. నేను అత్త దగ్గరికి పోయాను. ఆమె వంటింట్లో పొయ్యి మీద రాగిముద్ద కెలుకుతోంది.

"అంగడి పోతాదని అందరం ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉంటిమి గదా అత్తా. అద్దాలు ఇంట్లో పెట్టుకుని ఎట్లా ఊరుకున్నావు? కొడుక్కన్నా చెప్పకూడదా?"

ఆమె కెలకడం ఆపలేదు.

"కంపెనీవాళ్ళు పట్టుకుపోతారని ఆ అరవాయన చెప్పింది నేను విన్నా. వాడికి చెప్తే వాడు పోయి వాళ్ళకు చెప్తాడు. వాడి నోట్లో ఏదీ ఆగదు. డబ్బు రాకపోతే ఆ అద్దం పెట్టుకునే మళ్ళీ మొదలుపెట్టాలనుకుంటి."

"నాకు చెప్పుండొచ్చు."

"నీకా?" అని ముద్ద కెలికే కట్టె తీసి పొయ్యి గట్టు మీద పెట్టింది. "నువ్వు ఇంగ్లీషులో రాస్తా ఉంటివి. ఏం రాస్తా ఉండావో నాకు యాడ తెలుసు? అంగడి మూసేసి వాణ్ణి చిత్తూరుకు పిలుచుకుపోతా అంటివి. అది రాస్తా ఉండావేమో అనుకుంటి. నా మొగుడు పెట్టిన అంగడి అది. నిన్ను ఎట్లా నమ్మేది?"

ఆఫీసరును అనుమానించాను, సర్వేయరును, ఎదురంగడాయనను, చివరికి మా ఆయనను కూడా. ఈ ఇంట్లో ఒకరు నన్ను అన్నాళ్ళుగా అంతే శ్రద్ధగా గమనిస్తున్నారని, నేను టైపు కాగితం చేతికి తీసుకున్న ప్రతిసారీ వంటింట్లో గిన్నెల చప్పుడు ఆపి విన్నారని నాకు తట్టనే లేదు. కోపం రావాలి, రాలేదు. చాలా సిగ్గుగా, ఒంటరిగా అనిపించింది.

ఆ రాత్రి కాదు, మర్నాడు మధ్యాహ్నం ఆఫీసరు అడిగిన ఉత్తరం చిత్తు రాశాను. లోగడ అంతా ఏట్లో కలిపామని రాసింది మా అత్తగారి మాటను మేము సరిగ్గా అడిగి తెలుసుకోకపోవడం వల్లనని, కాగితాలు మాత్రమే కలిపారని, అద్దాలూ చట్రాలూ జాగ్రత్త చేసింది ఆమేనని, వాటి విలువకు ఒప్పుకుంటున్నామని. ఇన్‌స్టిట్యూటుకు బయలుదేరే ముందు ఆ కాగితం తీసుకుని పోయి వాకిట్లో ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె శనక్కాయలు ఒలుస్తోంది.

"అత్తా, ఇది పంపబోతా ఉండాను. విను."

మొదటి నుంచి చివరి దాకా చదివాను. తన మాట వచ్చిన చోట కూడా ఆమె చేతులు ఆగలేదు. అయిపోయాక రెండు మూడు కాయలు ఒలిచి పప్పు చేటలో వేసింది.

"మళ్ళా సదువు" అంది.

అర్థం కాలేదేమోనని విడమరిచి చెప్పబోయాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"సెప్పొద్దు. ఇందాక సదివినావు గదా, అదే మళ్ళా సదువు."

ఇప్పుడామె ఒలవడం ఆపి, నా పెదాల వైపే చూస్తోంది. రెండోసారి కూడా అవే మాటలు వస్తాయా రావా అని చూస్తోందని నాకు అప్పుడు అర్థమైంది. నేను కాగితం మళ్ళీ మొదటికి తిప్పి, నిదానంగా, ఒక్క మాట కూడా మార్చకుండా చదివాను.